వేదిక మీద వరుస మారినప్పుడు

ఊళ్లలో, కాలనీల్లో ఉగాది సభలు, వార్షికోత్సవాలు నడిపే సాంస్కృతిక సంఘాల కార్యదర్శులకు, వేదిక బాధ్యులకు, వ్యాఖ్యాతలకు బహిరంగ లేఖ

ఉగాది సాయంత్రం కాలనీ వేదిక మీద అనుకున్న వరుసలోనే అన్ని అంశాలూ నడవడం అరుదు. ముఖ్య అతిథి ఇంకా దారిలో ఉంటారు, మృదంగం వాయించేవారి బండి ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది, నర్తకి జడ అల్లడం ఇంకా సగంలోనే ఉంటుంది. కార్యదర్శి, వేదిక బాధ్యులు ఓ పక్కకు వెళ్లి కొత్త వరుస తేల్చుకుంటారు. వ్యాఖ్యాత చేతికి చీటీ అందుతుంది. "కొన్ని అనివార్య కారణాల వల్ల కార్యక్రమంలో స్వల్ప మార్పులు" అని మైకులో వినిపిస్తుంది. ప్రకటన అయిపోయిందని నిర్వాహకులు అనుకుంటారు. గ్రీన్ రూములో అద్దం ముందు కూర్చున్నవారికి ఆ మాట వినపడదు. సౌండు ఆపరేటరు ముందు పాత జాబితాయే ఉంటుంది. మనవరాలి కోలాటం ఎనిమిది దాటాక కదా అని ఇంట్లో తీరిగ్గా కాఫీ తాగుతున్న తాతయ్యకు సంగతే తెలియదు.

వరుస మార్పును ప్రకటించడమంటే ఒకే కబురును పలువురికి చేర్చడం. అయితే ఆ కబురు ఒక్కొక్కరికి ఒక్కో సమయానికి అందాలి. వేదిక ఎక్కడానికి రెండు గంటల తయారీ కావలసినవారు ఉంటారు, రెండు నిమిషాలు చాలినవారూ ఉంటారు. ఎవరి తయారీ ఎంతసేపో తెలిస్తే ఎవరికి ముందు చెప్పాలో, ఎవరికి తరువాత చెప్పాలో దానంతట అదే తేలుతుంది.

కూచిపూడి సంగతి చూస్తే, ముఖానికి రంగు, కళ్లు దిద్దడం, జడ అల్లి పూలు, జడబిళ్లలు పెట్టడం, చీర కుచ్చెళ్లు సర్దడం, కాళ్లకు పారాణి అన్నీ కలిపి రెండు గంటలు పట్టడం మామూలే. గజ్జెలు కట్టేది చివర్లో. ఈ తయారీని మధ్యలో తొందరపెడితే ఆహార్యం చెడుతుంది. పూర్తయ్యాక గంటసేపు కూర్చోబెట్టినా చెడుతుంది. చెమటకు రంగు చెదురుతుంది, కుచ్చెళ్లు నలుగుతాయి. ప్రదర్శనకు ముందు నర్తకులు చాలామంది కడుపునిండా తినరు కాబట్టి ఎదురుచూపు పొడవైనకొద్దీ నీరసం కూడా వస్తుంది. పక్కవాద్యాలకూ వాటి లెక్క ఉంది. మృదంగం ఎడమవైపు మూతకు ప్రదర్శనకు కాస్త ముందే తడి రవ్వముద్ద అద్దుతారు. అది ఎండితే గంభీరమైన ఆ నాదం రాదు, మళ్లీ తడపాలి. కాబట్టి కూచిపూడిని పది, ఇరవై నిమిషాలు ఆలస్యం చేయవచ్చు. నలభై నిమిషాలు త్వరగా మొదలుపెట్టమంటే సాధ్యం కాదు, గంటన్నర ఆపితే అన్యాయం.

పాట ట్రాకుకు ఆడే పిల్లల బృంద నృత్యం వేరు. వాళ్లు ఇంటి దగ్గరే ముస్తాబై వస్తారు, అయిదు నిమిషాల్లో వరుసలో నిలబడగలరు. కానీ వాళ్ల వెనక తల్లిదండ్రులు, తాతలు, మేనత్తలు ఉంటారు. వాళ్లంతా ఆ ఒక్క పాట కోసమే వస్తున్నారు. బుర్రకథ ఇంకో రకం. తంబురాతో కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు, ముగ్గురికీ మైకులు సరిచూస్తే చాలు, దళం సిద్ధం. పైగా కథను ఎక్కడ కుదించాలో, ఎక్కడ సాగదీయాలో కథకుడికి తెలుసు. ట్రాకు మీద నడిచే అంశానికి ఆ వెసులుబాటు లేదు, నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాలే.

ఇక్కడ మొదట గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటుంది. ఒక అంశం ఆలస్యమైతే కళాకారులకు తెలియజేస్తే సరిపోతుంది. త్వరపడితే మాత్రం వారిని అడగాలి. ఆలస్యమైన అంశానికి వచ్చినవాళ్లు విసుక్కున్నా చూసే వెళ్తారు. త్వరగా జరిగిపోయిన అంశాన్ని దానికోసం వచ్చినవాళ్లు చూడలేరు, ఆ నష్టాన్ని పూడ్చే మార్గం లేదు. అందుకే త్వరపడే అంశం ఏదైనా ఉంటే, ఆ బృందం పెద్ద "సరే" అన్న తరువాతే కొత్త వరుస ఖాయమైనట్టు లెక్క. అంతవరకు అది ఆలోచన మాత్రమే, ఎవరికీ ప్రకటించకూడదు.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. కాలనీ పార్కులో ఉగాది సభ, ఆరుబయట వేదిక. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన. 6.10కి పంచాంగ శ్రవణం. 6.40కి చిన్నపిల్లల నృత్యం. 6.50కి ఏకపాత్రాభినయం. ఏడింటికి ముఖ్య అతిథితో సభ, సత్కారాలు, నలభై నిమిషాలు. 7.40కి పక్కవాద్యాలతో కూచిపూడి, అరగంట. 8.10కి కోలాటం, పావుగంట. 8.25కి బుర్రకథ, ముప్పావు గంట. 9.10కి వందన సమర్పణ, జాతీయ గీతం. మొత్తం తొమ్మిది అంశాలు, 9.20కి ముగింపు. ఆహ్వానపత్రంలోనూ ఇదే ముద్రించారు.

సాయంత్రం అయిదున్నరకు ఫోను వచ్చింది. ముఖ్య అతిథి ఎనిమిదింబావుకు గానీ చేరలేరు. ఏడింటికి జరగవలసిన సభ ఎనిమిదిన్నరకు వెళ్లాలి. అంటే ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు వేదిక మీద ఏదో ఒకటి నడవాలి.

అందరికీ ముందు తట్టేది కూచిపూడిని ఏడింటికి పెట్టేయడం. అది కుదరదు. నర్తకి 7.40 లెక్కతో అలంకరణ మొదలుపెట్టారు, వాద్యబృందం ఏడింటికి వస్తుంది. రెండో ఆలోచన కోలాటం. ఇది కుదిరేలా కనిపిస్తుంది గానీ, కోలాటం ఆడే ఆడవాళ్లలో నలుగురు పిల్లల నృత్యంలో ఉన్న పాపల తల్లులు. 6.50 వరకు పిల్లల జడలు, పిన్నులు, గాజులు చూసుకుంటూ ఉంటారు. పది నిమిషాల్లో వాళ్లు చీరలు మార్చుకుని కోలలు పట్టుకుని నిలబడలేరు. ఈ చిక్కు జాబితాలో కనపడదు, పేర్లు చూస్తేనే తెలుస్తుంది. ఒకే మనిషి రెండు అంశాల్లో ఉన్నారా, ఒక అంశంలో ఉన్నవారు మరో అంశానికి పనిచేసిపెడుతున్నారా, ఒకే హార్మోనియం రెండు చోట్లా కావాలా అన్నది ఒక్కొక్క అంశానికీ సరిచూడాలి. వరుస మార్పుల్లో పుట్టే గందరగోళంలో చాలాభాగం ఈ ఒక్క పరిశీలన వదిలేయడం వల్లే.

బుర్రకథ దళం అయిదింటికే వచ్చి చెట్టు కింద కూర్చుని ఉంది. కథకుణ్ణి అడిగితే ఏడింటికి సిద్ధమన్నారు. కాబట్టి ఏడు నుంచి 7.45 వరకు బుర్రకథ. ఆ వెంటనే ఎనిమిది వరకు కోలాటం. పిల్లల నృత్యం అయ్యాక తల్లులకు దాదాపు గంట వ్యవధి దొరుకుతుంది, అనుకున్నదానికన్నా ఇరవై అయిదు నిమిషాలు త్వరగా ఆడటానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఎనిమిదికి కూచిపూడి, నర్తకికి ఇరవై నిమిషాల ఆలస్యం. 8.30కి సభ, 9.10కి వందన సమర్పణ. ముగింపు సమయం అలాగే ఉంది.

కాగితం మీద సరిపోయిన ఈ లెక్కలో ఒక ఖాళీ దాగి ఉంది. కోలాటానికి వేదిక నిండా మనుషులు ఉంటారు. అది ముగిసిన క్షణానే కూచిపూడి మొదలవ్వాలంటే నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువులకు అయిదు మైకులు ఒక పక్కన అమర్చి, శ్రుతి చూసి, మాట వినపడుతోందో లేదో సరిచూడాలి. దానికి పది నిమిషాలకు తక్కువ పట్టదు. పాత వరుసలోనూ ఆ పది నిమిషాలు లేవు, సభలో కుర్చీలు సర్దే సందడిలో కలిసిపోయేవి. కోలాటాన్ని వేదిక దించి, ముందు వరుస కుర్చీలకూ వేదికకూ మధ్య ఉన్న ఖాళీ నేల మీద ఆడిస్తే ఈ చిక్కు తీరుతుంది. తెర వేసి వెనక వాద్యబృందం సర్దుకుంటుంది. ఊరి నడిమధ్యన గుండ్రంగా తిరుగుతూ ఆడే కోలాటానికి నేలే నప్పుతుంది కూడా. అయితే వేదిక మారిందన్న సంగతి కోలాటం బృందానికి విడిగా, స్పష్టంగా చెప్పాలి. చెప్పులు ఎక్కడ విడవాలి, ఎటునుంచి రావాలి, ట్రాకు ఎక్కడి బాక్సుల్లోంచి వినపడుతుంది అన్నవి వాళ్ల ప్రశ్నలు.

ఇప్పుడు కబురు చేర్చే పని మొదలవుతుంది. మొదటి కబురు మారిన అంశాల కళాకారులకు, అదీ ఒక్కొక్కరికి నేరుగా. బృందంలో ఎవరికో చెప్పి "అందరికీ చెప్పమ్మా" అని వదిలేయకూడదు. కూచిపూడికి గురువుగారికి, బుర్రకథకు కథకుడికి, కోలాటానికి బృందం నడిపే ఆవిడకు చెప్పాలి. గురువుగారితో మాట్లాడవలసిన తీరు ఇలా ఉంటే చాలు: "గురువుగారూ, పాప నృత్యం ఏడూ నలభైకి బదులు ఎనిమిది గంటలకండీ. ముందు కోలాటం కింద నేల మీద జరుగుతుంది, మీ వాద్యాలు పావు తక్కువ ఎనిమిదికి తెర వెనక పెట్టేయొచ్చు. ఎనిమిది దాటనివ్వం." ఇందులో కొత్త సమయం ఉంది, దానికి ముందు ఏముందో ఉంది, వాళ్లు వేదిక మీదికి ఎప్పుడు రావచ్చో ఉంది, ఇంతకుమించి ఆలస్యం కాదన్న హామీ ఉంది. కారణం అడిగితే చెబుతారు. అడగకముందే అయిదు నిమిషాలు అతిథి ప్రయాణం గురించి వివరించడం వల్ల గురువుగారికి ఒరిగేది లేదు.

చెప్పినది చేరిందో లేదో రూఢి చేసుకోవాలి. అవతలివారు సమయాన్ని తిరిగి పలికితేనే చేరినట్టు. "అలాగేనండీ" అన్న మాట సరిపోదు. "అయితే ఎనిమిదికి, వాద్యాలు పావు తక్కువకి" అని వాళ్ల నోట వినాలి. వాట్సాప్‌లో నీలి టిక్కులు పడ్డంత మాత్రాన చదివి అర్థం చేసుకున్నారని అనుకోవడానికి లేదు, ముఖానికి రంగు వేస్తున్నప్పుడు ఫోను చెల్లెలి చేతిలో ఉండవచ్చు.

రాతలో ఇంకో జాగ్రత్త. "కార్యక్రమం ముందుకు జరిగింది" అని రాస్తే కొందరికి త్వరగా అని, కొందరికి ఆలస్యంగా అని తోస్తుంది. గడియారం సమయమే రాయాలి, పాతదీ కొత్తదీ రెండూ.

కళాకారుల తరువాత వేదిక వెనక పనిచేసేవారు. సౌండు ఆపరేటరు, దీపాలు చూసేవారు, తెర లాగేవారు, ఎల్‌ఈడీ తెర మీద చిత్రాలు నడిపేవారు, వీడియో తీసేవారు, జ్ఞాపికల బల్ల దగ్గర కూర్చున్నవారు. వీళ్లలో సౌండు ఆపరేటరుకు మార్పు తెలియకపోతే తప్పు అందరి ముందూ బయటపడుతుంది. పాటల ట్రాకులు పెన్‌డ్రైవులో 3, 7 అని అంశాల సంఖ్యలతోనే ఉంటాయి. కొత్త వరుసకు కొత్త సంఖ్యలు వేస్తే పాత ఏడు ఇప్పుడు ఆరవుతుంది, ఆపరేటరు ఆరో ఫైలు నొక్కుతారు, కోలాటం వాళ్లు కోలలెత్తి నిలబడిన క్షణాన ఇంకేదో మోగుతుంది.

దీనికి నమ్మకమైన విరుగుడు ఉంది. అంశానికి ఒకసారి ఇచ్చిన సంఖ్య ఆ సాయంత్రమంతా మార్చకూడదు. అది దాని పేరులాంటిది. మారేది పిలిచే వరుస మాత్రమే. ఉదాహరణలోని కొత్త వరుస 1, 2, 3, 4, 8, 7, 6, 5, 9 అవుతుంది. ఆహ్వానపత్రం చేతిలో ఉన్న ప్రేక్షకుడికీ, పెన్‌డ్రైవు ముందున్న ఆపరేటరుకూ, ఎల్‌ఈడీ తెర నడిపే కుర్రాడికీ ఎనిమిది అంటే బుర్రకథే, ఏడు అంటే కోలాటమే. ఈ తొమ్మిది అంకెలు పెద్ద అక్షరాల్లో, పక్కన సమయాలతో, ఒక కాగితం మీద రాసి గ్రీన్ రూము తలుపుకు, సౌండు బల్లకు, వ్యాఖ్యాత స్టాండుకు అంటించాలి. కాగితం పైన "5.45కి మార్చినది" అని రాయాలి. పాత కాగితాలు చింపేయాలి. రెండు వరుసలు ఒకే గోడ మీద వేలాడుతుంటే ఎవరికి నచ్చినది వాళ్లు చదువుకుంటారు.

జ్ఞాపికల బల్ల గురించి ఎవరూ ఆలోచించరు. శాలువాలు, జ్ఞాపికలు పాత వరుసలోనే పేర్చి ఉంటాయి. ఒక్కొక్క అంశం తరువాత అందజేసే పద్ధతి ఉంటే, బుర్రకథ అయ్యాక బల్ల దగ్గర పైనున్న పెట్టె అందుకుంటారు. దానిలో నర్తకి పేరు చెక్కి ఉంటుంది. కథకుడి చేతికి అది వెళ్లాక సరిదిద్దడం ఇద్దరికీ చిన్నతనం. పెట్టెల మీద కూడా అంశం సంఖ్య రాసి ఉంటే ఈ ప్రమాదం ఉండదు.

తరువాత అతిథులు. ముఖ్య అతిథి ఆలస్యం ఆయనకు తెలుసు, కానీ సభాధ్యక్షులకు, విశిష్ట అతిథులకు, సత్కారం అందుకోబోయే పెద్దలకు తెలియదు. ఏడింటికని పట్టుబట్టలు కట్టుకుని ఆరున్నరకే వచ్చి కూర్చునే ఎనభై ఏళ్ల పెద్దాయనకు సత్కారం ఎనిమిదిన్నర దాటాకేనని ఆయన ఇంటి నుంచి బయల్దేరకముందే ఫోను వెళ్లాలి. కార్యదర్శి గానీ అధ్యక్షులు గానీ స్వయంగా చేయాలి, వాలంటీరుతో చేయించకూడదు. రాత్రి అంతసేపు కూర్చోలేనంటే ఆయన ఒక్కరి సత్కారం పంచాంగ శ్రవణం అవ్వగానే అధ్యక్షుల చేతుల మీదుగా జరిపించవచ్చు. ముఖ్య అతిథి చేతుల మీదుగానే జరగాలన్న పట్టింపు కన్నా ఆ పెద్దాయన సౌకర్యం పెద్దది. దానికి పట్టే పది నిమిషాలు సభ నుంచి తీసి అక్కడ పెడితే మొత్తం లెక్క చెడదు.

ప్రేక్షకులకు రెండు దారుల్లో చెప్పాలి. ఇంకా ఇంట్లో ఉన్నవారికి కాలనీ వాట్సాప్ గ్రూపులో సందేశం. ఇక్కడ బుర్రకథ గంటా ఇరవై అయిదు నిమిషాలు త్వరపడింది కాబట్టి సందేశం దానితోనే మొదలవ్వాలి: "ఈ రోజు బుర్రకథ రాత్రి 8.25కి బదులు సాయంత్రం 7 గంటలకే. కోలాటం 7.45కి. కూచిపూడి 8 గంటలకు. సభ, సత్కారాలు 8.30కి. మిగతా అంశాలు, ముగింపు సమయం ఆహ్వానపత్రంలో ఉన్నట్టే." ఇంతే. శుభాకాంక్షలు, పూల బొమ్మలు, నాలుగు పేరాల క్షమాపణ ఈ సందేశంలో ఉంటే అసలు సమయం "మరింత చదవండి" వెనక దాక్కుంటుంది. వాట్సాప్ చూడని పెద్దవాళ్లకోసం పార్కు గేటు దగ్గర ఒక బోర్డు, దాని పక్కన ఒక మనిషి ఉండాలి. బుర్రకథంటే ప్రాణం పెట్టేది ఎక్కువగా ఆ పెద్దవాళ్లే. పక్క వీధుల్లో అలాంటివారు నలుగురున్నారని తెలిస్తే ఒక కుర్రాణ్ణి సైకిలు మీద పంపడం కూడా ప్రకటనలో భాగమే.

కుర్చీల్లో ఉన్నవారికి మైకు ప్రకటన. దీనికి సరైన వేళ పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే. ఆరింటికి సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి, చప్పట్ల మధ్య చెప్పినది ఎవరికీ వినపడదు. రాశిఫలాలు విని జనం కాస్త సర్దుకుని కూర్చున్న ఆ నిమిషంలో ఒకసారి, ఏడింటికి బుర్రకథను పిలిచే ముందు మరోసారి. మాటలు ఇలా ఉండవచ్చు: "సభకు నమస్కారం. ఈ సాయంత్రం వరుసలో ఒక మార్పు ఉంది. సభ, సత్కారాలు ఎనిమిదిన్నరకు జరుగుతాయి. ఏడు గంటలకు బుర్రకథ, పావు తక్కువ ఎనిమిదికి కోలాటం, ఎనిమిదింటికి కూచిపూడి. ముగింపు సమయంలో మార్పు లేదు. ముఖ్య అతిథి ప్రయాణంలో ఆలస్యం వల్ల ఈ మార్పు చేశాం. వెంటనే ఒప్పుకున్న కళాకారులకు కృతజ్ఞతలు." మైకులో "ఏడూ నలభై అయిదు" కన్నా "పావు తక్కువ ఎనిమిది" చెవికి సులువుగా అందుతుంది. అంశాల సంఖ్యలు మైకులో చెప్పనక్కర్లేదు, అవి పనివారికోసం.

"అనివార్య కారణాలు" అన్న మాటను మానుకోవడం మేలు. అది ఏమీ చెప్పదు, అందుకే వెనక కుర్చీల్లో ఊహలు మొదలవుతాయి. కళాకారులు రాలేదేమో, ఎవరికో కోపమొచ్చిందేమో అని. అసలు కారణాన్ని ఒక్క వాక్యంలో, ఎవరినీ నిందించకుండా చెబితే ఊహలకు చోటుండదు. అయితే కారణం కళాకారుల ఇంటి విషయమో, ఆరోగ్యమో అయితే వారి అనుమతి లేకుండా మైకులో చెప్పకూడదు. "ఒక అంశం సమయం మారింది" అంటే చాలు. అలాగే "ఫలానా పాప ఎక్కడున్నా వేదిక దగ్గరకు రావలసింది" అని మైకులో పేరు పెట్టి పిలవడం ఆ పాపదే తప్పన్నట్టు వినిపిస్తుంది. కళాకారులను వెతకడం గ్రీన్ రూము వాలంటీరు పని. రెండు అంశాలు ముందుగానే ఆ బృందాన్ని పిలిచి వేదిక పక్కన నిలబెట్టే అలవాటున్న చోట ఆ అవసరమే రాదు.

ఎనిమిదింబావుకు ముఖ్య అతిథి రానే వస్తారు. అప్పటికి కూచిపూడి మధ్యలో ఉంటుంది. చాలా వేదికల మీద చూసేవారికి బాధ కలిగించే దృశ్యం ఇక్కడే జరుగుతుంది. వ్యాఖ్యాత మైకు అందుకుని "మన ప్రియతమ అతిథి విచ్చేశారు" అంటారు, జనం తలలు తిప్పుతారు, ముందు వరుసలో లేచి నిలబడతారు, నర్తకి పళ్లెం అంచుల మీద తాళం తప్పకుండా నిలవడానికి ఒక్కతే పోరాడుతుంది. తరంగం ఆడుతున్న కాళ్ల కింద ఇత్తడి పళ్లెం ఉన్నప్పుడు చూపు చెదిరినా ప్రమాదమే. కాబట్టి కొత్త వరుస తేలగానే వ్యాఖ్యాతకూ స్వాగత బృందానికీ ఒక మాట ముందే చెప్పి ఉంచాలి: అతిథి ఎప్పుడు వచ్చినా అప్పుడు నడుస్తున్న అంశం ఆగదు. పక్క దారిన తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాలి, దండలు, పరిచయం సభలోనే. ఈ సంగతి అతిథి వెంట ఉన్న సహాయకులకు ఫోనులో ముందుగా చెబితే వారూ నొచ్చుకోరు. నృత్యం చూస్తూ పావుగంట కూర్చోవడం అతిథికి సంతోషమే అవుతుంది.

నృత్యం అయ్యాక సభకు కుర్చీలు వేసేలోపు వేదిక తుడవాలి. పుష్పాంజలిలో చల్లిన పూరేకులు నలిగి నేల జారుడుగా ఉంటుంది, కొత్త చెప్పులతో మెట్లెక్కే పెద్దలు అక్కడే తూలుతారు. పాత వరుసలో నృత్యం తరువాత వేదిక ఎక్కేది కోలాటం వాళ్లు, వట్టికాళ్లతో. వరుస మారినప్పుడు ఈ తుడిచే పని ఎవరి ఖాతాలోనూ ఉండదు, ఒకరికి అప్పగించాలి.

అతిథి ఎనిమిదిన్నరకూ రాకపోతే మళ్లీ వరుస మార్చకూడదు. ఒక సాయంత్రానికి ఒక మార్పును కళాకారులు, జనం సహిస్తారు. రెండోది ప్రకటించేసరికి మొదటి ప్రకటన మీద కూడా నమ్మకం పోతుంది, గ్రీన్ రూము తలుపు మీద ఏ కాగితం సరైనదో ఎవరికీ తెలియదు. సభను అనుకున్న వేళకే అధ్యక్షులు మొదలుపెట్టాలి. సత్కారాలు ముందు, అధ్యక్షుల మాటలు తరువాత, ముఖ్య అతిథి ప్రసంగం చివర. సభ లోపల క్రమం మారితే బయట ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏ అంశమైనా దానికి రెండు అంశాల ముందున్నది వేదిక ఎక్కిందంటే ఇక దాని చోటు కదలదన్న నియమం పెట్టుకుంటే ఆఖరి నిమిషపు ఒత్తిళ్లకు కార్యదర్శి దగ్గర జవాబుంటుంది. జ్యోతి ప్రజ్వలన, చివరి జాతీయ గీతం ఎటూ కదలవు.

ముగింపు సమయాన్ని కాపాడటం కూడా ప్రకటనలో ఇచ్చిన మాటే. ఆరుబయట వేదికకు అది చట్టం కూడా. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఆ సాయంత్రం సడలింపు ఇచ్చిన రోజుల్లో ఒకటైతే తప్ప పది గంటల గీత దాటకూడదు. విదేశాల్లో తెలుగు సంఘాలు ఆడిటోరియంను గంటల లెక్కన అద్దెకు తీసుకున్నప్పుడు ఆ గీత అద్దె రూపంలో ఉంటుంది. కొత్త వరుసలో సమయం పట్టు తప్పే అవకాశమున్న అంశం ఏదో ముందే గుర్తించాలి. పద్య నాటకం ఉంటే అదే, ఒక పద్యానికి "వన్స్ మోర్" పడితే అయిదు నిమిషాలు కరుగుతాయి. ఈ ఉదాహరణలో సభే. ఉపన్యాసకులకు ఎన్ని నిమిషాలో ఫోనులోనే చెప్పాలి, వేదిక మీద చీటీ పంపడం వారికి అవమానంగా తోస్తుంది. ఆలస్యం ఇంకా పెరిగితే దాన్ని సభ నుంచే తీసుకోవాలి. ఒప్పుకుని వరుస మార్చుకున్న కళాకారుల నిమిషాలు కోయకూడదు.

వందన సమర్పణలో వరుస మార్పుకు ఒప్పుకున్న బృందాల పేర్లు విడిగా చెప్పాలి. ఆ రాత్రే మారిన వరుసను, అసలు మొదలైన సమయాలతో, సంఘం రికార్డులో రాసి ఒక ప్రతి వీడియో తీసినవారికి పంపాలి. ఎడిటింగులో వాళ్లు ఆహ్వానపత్రం చూసి పేర్లు వేస్తారు. బుర్రకథ దళం మీద సభాధ్యక్షుల పేరు పడకుండా ఆపేది ఆ ప్రతి ఒక్కటే.